వేడి కాఫీ, నేరుగా ఐసు మీదకి

పొద్దున మిగిలిన డికాషన్ ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం పాలు, చక్కెర, ఐసు కలుపుకుని తాగితే అందులో నాలుకకు తగిలేది పాలూ తీపీ మాత్రమే. రాత్రంతా పొడిని చన్నీళ్లలో నానబెట్టే కోల్డ్ బ్రూ అంతకంటే నయం. నున్నగా, కాస్త తియ్యగా ఉంటుంది. కానీ మంచి గింజలో ఉండే పండు పులుపూ, పూల వాసనా చన్నీళ్లకు అంతగా లొంగవు. అవి దిగాలంటే వేడి నీళ్లే కావాలి.

మరి వేడిగా కాచి చల్లారబెడితే? అక్కడ ఇంకో చిక్కు. కాఫీ వేడిగా ఉన్నంతసేపూ ఇల్లంతా కమ్ముకునే ఆ ఘుమఘుమ, నిజానికి కప్పులో ఉండాల్సిన వాసన గాలిలోకి పోవడమే. పైగా వేడి మీద ఉన్న కాఫీలో రసాయన మార్పులు ఆగవు. అందులోని కొన్ని పదార్థాలు నీటితో కలిసి క్వినిక్ ఆమ్లంగా మారుతూ ఉంటాయి. ఫ్లాస్కులో గంటల తరబడి ఉన్న కాఫీ గొంతుకు గరగరగా, పుల్లచేదుగా తగలడానికి అదొక కారణం.

ఈ రెండు చిక్కులకూ ఒకేసారి సమాధానం చెప్పే పద్ధతి జపాన్ కాఫీ దుకాణాల్లో చాలాకాలంగా ఉంది. పాత్రలో ముందే ఐసు వేసి, దానిపైన డ్రిప్పర్ పెట్టి, వేడి కాఫీని చుక్కచుక్కగా ఆ ఐసు మీదే దించుతారు. పడిన చుక్క పడినట్టే చల్లబడుతుంది, వాసన ఆవిరయ్యే వ్యవధి ఉండదు. అక్కడి పాతకాలపు దుకాణాల్లో దీనికి బాగా వేయించిన నల్లని గింజలే వాడేవారు. లేతగా వేయించిన గింజలతో చేస్తే దీని అసలు అందం బయటపడుతుందని నా అభిప్రాయం.

ఇందులో పట్టుకోవలసిన కీలకం ఒక్కటే. ఐసు చల్లదనం కోసం పక్కన చేర్చే వస్తువు కాదు, అది కాఫీ నీళ్లలో భాగం. మామూలుగా 20 గ్రాముల పొడికి 300 గ్రాముల నీళ్లు వాడతామనుకోండి. ఇక్కడ ఆ 300లోనే 180 మరిగిన నీళ్లుగానూ, 120 ఐసుగానూ పంచుకోవాలి. మొత్తం 300 వేడి నీళ్లూ పోసి, ఆపైన ఐసు వేస్తే దక్కేది పలచటి కషాయం.

ఆ 120 ఎందుకో బడిలో చదివిన గుప్తోష్ణం చెబుతుంది. గ్రాము ఐసు కరగడానికి ఎంత వేడి పడుతుందో, 80 డిగ్రీల దగ్గరున్న గ్రాము నీరు సున్నాకి దిగేటప్పుడు దాదాపు అంతే వేడిని వదులుతుంది. మనం పోసిన 180 గ్రాముల్లో సుమారు 40 పొడిలోనే ఉండిపోతాయి, ఎందుకంటే పొడి తన బరువుకు రెండింతల నీటిని పట్టుకుంటుంది. కిందికి దిగేది 140 గ్రాములు, దిగేసరికి అది 80 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. అందులో 120 గ్రాముల వేడి ఐసు కరిగించడానికే సరిపోతుంది. మిగతా 20 గ్రాముల వేడి మొత్తం కాఫీకి పంచితే పాత్రలో ఉండేది ఐదారు డిగ్రీలు. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసయితే ఇంకా తక్కువ. అంటే ఐసు దాదాపు పూర్తిగా కరిగి, కాఫీ చల్లగా, సరైన చిక్కదనంతో నిలుస్తుంది.

ఇక చేసే తీరు. గాజు పాత్రలో 120 గ్రాముల ఐసు తూచి పెట్టుకోండి. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే చాలు. డ్రిప్పర్‌లో ఫిల్టర్ పేపరు పెట్టి వేడినీళ్లతో తడపాలి. అయితే ఈ పని ఐసు పాత్ర మీద కాక సింకులో చేయాలి, లేదంటే మొదలుకాకముందే ఐసు కరిగిపోతుంది. గింజల్ని మామూలు పోర్ ఓవర్‌కి వేసే దానికంటే ఒక మెట్టు సన్నగా మర పట్టాలి. ఈసారి వేడి నీళ్లు తక్కువ కదా, తక్కువ నీళ్లతోనే సారం లాగాలంటే పొడి సన్నగా ఉండాల్సిందే.

మరిగిన నీళ్లను ఒక్క అరనిమిషం ఆపి, అందులో 45 గ్రాములు పొడి అంతా తడిసేలా పోయండి. తాజా పొడి అయితే పొంగి, పైన బుడగలు లేస్తాయి. అది గింజలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడం. ముప్పావు నిమిషం ఆగి, మిగతా నీళ్లను రెండు మూడు దఫాలుగా, నెమ్మదిగా, గుండ్రంగా పోయాలి. మొత్తం రెండున్నర, మూడు నిమిషాల్లో దిగిపోవాలి. ఆ సమయంలో పాత్రలోకి చూడండి. వేడి చుక్క తగిలిన ఐసు చిటపటమని చిట్లుతుంది, కరిగిన నీరు ఒక పొరగా, కాఫీ ఒక పొరగా కనబడతాయి. అందుకే చివర్లో పాత్రను పట్టుకుని గుండ్రంగా బాగా తిప్పాలి. అలా తిప్పకుండా గ్లాసులోకి వంచితే ఒక గ్లాసు చిక్కగా, ఇంకొకటి నీళ్లగా వస్తుంది.

రుచి చూస్తే తప్పెక్కడో తెలిసిపోతుంది. పుల్లగా, పలచగా, నాలుక మీద నిలవకుండా ఉందంటే నీళ్లు త్వరగా దిగిపోయాయన్నమాట. పొడి ఇంకాస్త సన్నగా పట్టాలి. మూడున్నర నిమిషాలు దాటినా దిగక, తాగితే గొంతు పట్టేసే చేదుగా ఉంటే పొడి మరీ సన్నమై పేపరు పూడుకుపోయింది. రెండూ కాక, ఏదో మసాలా వాసన వేస్తే తప్పు కాఫీది కాదు. ఫ్రిజ్‌లో మూతలేని కూరల వాసనను ఐసు పీల్చుకుంటుంది. ఇక్కడ ఐసే సగానికి దగ్గరగా ఉన్న నీరు కాబట్టి, తాగే నీళ్లతో, మూత ఉన్న ట్రేలో, ఒకటి రెండు రోజుల్లో చేసిన ఐసే వాడాలి.

గింజల విషయంలో మన దగ్గరే మంచి సరుకుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు నీడ చెట్ల కింద పండించే అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పండు గుజ్జు తీసి కడిగి ఎండబెట్టిన అరకు గింజల్ని లేతగా గానీ మధ్యస్థంగా గానీ వేయించింది దొరికితే ఈ పద్ధతికి చక్కగా కుదురుతుంది. ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూసి కొనండి. మన ఫిల్టర్ కాఫీ పొడి మాత్రం దీనికి పనికిరాదు. చికోరీ కలిసిన పొడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పేపరు గుండా దిగదు, దిగినా ఆ చేదు మిగతా రుచిని కప్పేస్తుంది. స్టీలు ఫిల్టరుతో కూడా ఈ తేటదనం రాదు. గింజలోని నూనెనీ, సన్నటి మడ్డినీ ఆపేది పేపరే.

తాగేటప్పుడు గ్లాసులో రెండు కొత్త ఐసుముక్కలు వేసి దానిమీద వంచుకోవచ్చు. పాలు పోయకండి. ఈ కాఫీ పులుపూ, తేటదనమూ పాలలో కనిపించకుండా పోతాయి. పాలు కావాలనిపించిన రోజు చిక్కటి డికాషనే సరైనది. చేసిన గంటలోపు తాగేయాలి. ఫ్రిజ్‌లో దాస్తే చెడిపోదు గానీ, మనం ఇంత శ్రమపడి పట్టి ఉంచిన వాసన మర్నాటికి సగం కూడా ఉండదు. ఇద్దరికి కావాలంటే పొడి 30, నీళ్లు 270, ఐసు 180 గ్రాములు చేసుకోండి. అప్పుడు పొడిని మళ్లీ కాస్త ముతకగా పట్టాలి, పొర మందమైన కొద్దీ నీరు దిగడం నెమ్మదిస్తుంది కాబట్టి.