మళ్లీ పెట్టాల్సిన పోస్టు ఏది?

ఇంట్లో పచ్చళ్లు పట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునే ఒకావిడ ఉందనుకుందాం. వ్యాపారానికి ఏడాది నిండిందని ఇంటిల్లిపాదితో దిగిన ఫొటో పెట్టింది. అది 4,000 మందికి చేరింది, 600 లైకులు వచ్చాయి. ఆవకాయకు ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కొలతలు రాసి ఇంకో పోస్టు పెట్టింది. అది చేరింది 2,500 మందికే, లైకులు 110. వీటిలో ఏది మళ్లీ పెట్టాలి?

ఇన్‌సైట్స్ తెరిస్తే లెక్క తిరగబడుతుంది. ఫొటోను ఆరుగురు సేవ్ చేసుకున్నారు, పది షేర్లు. కొలతల పోస్టుకు 150 సేవ్‌లు, 75 షేర్లు. అంటే చూసిన ప్రతి నూరుమందిలో ఆరుగురు దాచుకున్నారు, ముగ్గురు ఇంకొకరికి పంపారు. ఫొటోను దాచుకున్నది వెయ్యికి ఒకరో ఇద్దరో.

లైకు చాలావరకు పలకరింపు. వేలు రెండుసార్లు తాకిస్తే అయిపోతుంది, అది కూడా మనిషిని చూసి కొట్టేదే. సేవ్ చేసేవాళ్ల ఉద్దేశం వేరు: మామిడికాయలు తెచ్చిన రోజు ఇది కావాలి అనుకుంటారు. మళ్లీ చూస్తామని వాళ్లే చెబుతున్నారు కాబట్టి మళ్లీ పెట్టడానికి అంతకన్నా సూటి కారణం దొరకదు. షేర్‌లో పంపినవాళ్ల మాట కూడా ఇరుక్కుని ఉంటుంది. కొలత తప్పితే వదినగారు అడిగేది వాళ్లనే. పైగా షేర్ కొత్తవాళ్ల దగ్గరికి దారి. ఫాలో అవుతున్నవాళ్లకు చూపించేటప్పుడు లైకులకు, కొత్తవాళ్లకు చేర్చేటప్పుడు పంపకాలకు కాస్త ఎక్కువ విలువ ఉంటుందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025లో చెప్పారు.

అయితే ఈ అంకెలూ బోల్తా కొట్టిస్తాయి. ‘సేవ్ చేసి ముగ్గురికి పంపితే బహుమతి’ అన్న పోస్టును లెక్కలోంచి తీసేయాలి. సంక్రాంతి శుభాకాంక్షలు బోలెడన్ని షేర్ అవుతాయి, కనుమ దాటితే వాటితో పనిలేదు. వెక్కిరించడానికి పంపుకునేవీ ఉంటాయి. షేర్లు పెరిగి సేవ్‌లు లేకపోతే కామెంట్లు చదవాలి. యాభై మంది చూసిన పోస్టులో మూడు సేవ్‌లు కనిపించినంత మాత్రాన నూటికి ఆరని మురిసిపోకూడదు, ఆ ముగ్గురూ చుట్టాలే కావచ్చు. మరో చిక్కు, లైకులు మొదటి రోజే కురుస్తాయి, సేవ్‌లు నెమ్మదిగా వస్తుంటాయి. అందుకే పోస్టులన్నిటికీ ఒకే గడువు, నెల అనుకుంటే నెల, ఇచ్చి పోల్చాలి.

కొలతల పోస్టును మళ్లీ పెట్టడానికి సరైన వేళ ఆవకాయ కాయ బజారుకు వచ్చే ముందు వారం. పాతదాన్ని యథాతథంగా కాకుండా మొదటి బొమ్మ మార్చి, కిందటిసారి కామెంట్లలో ఎక్కువమంది అడిగిన సందేహానికి జవాబు చేర్చి పెడితే మేలు. రెండోసారి నూటికి ఆరు కాస్తా రెండుకు పడిపోతే, ఆ పోస్టును వచ్చే వేసవిదాకా పక్కనపెట్టి మాగాయ కొలతలు రాసుకోవచ్చు.