డాక్టర్‌కు రాసిన ఆరు నెలల లెక్క

“ఆరు నెలలుగా నెలసరి సరిగా రావడం లేదు మేడమ్.” గైనకాలజిస్ట్ ముందు కూర్చున్నాక చాలామంది నోట వచ్చే మాట ఇదే. తేడా రోజుల్లోనా, రక్తం పరిమాణంలోనా, మధ్యమధ్యలో కనబడే చుక్కల్లోనా అన్నది ఇందులో తెలియదు. ఆ తేడాను బట్టే పరీక్షలు మారతాయి. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఒక ఉద్యోగిని అపాయింట్‌మెంట్‌కు ముందు ఇలా రాసిందనుకుందాం:

“నమస్తే మేడమ్. నా వయసు 26, పెళ్లి కాలేదు. డిసెంబరు దాకా 30 రోజులకు అటూ ఇటూగా వచ్చేది. జనవరి 6న వచ్చి 5 రోజుల్లో ఆగింది. మళ్లీ ఫిబ్రవరి 22న మొదలై మార్చి 5 దాకా పోతూనే ఉంది. రెండో రోజు, మూడో రోజు రెండు గంటలకో ప్యాడ్ మార్చాను. పది రూపాయల బిళ్లంత గడ్డలు పడ్డాయి. మార్చి 16 నుంచి మూడు రోజులు చుక్కలుగా కనిపించింది, ప్యాడ్ అవసరం పడలేదు. ఏప్రిల్ 19న వచ్చి 9 రోజులు ఉంది. మే నెలలో అక్క పెళ్లని మెడికల్ షాపులో అడిగి, నెలసరి వాయిదా పడే మాత్రలు వేసుకున్నాను. 27న ఆపేస్తే 30న బ్లీడింగ్ మొదలై వారం ఉంది. ఇది జూన్ చివరి వారం, ఇంకా రాలేదు.

ఇదివరకు నెలసరికి ముందు రొమ్ములు సలిపేవి, పొత్తికడుపు లాగేది. ఇప్పుడవేమీ లేవు. ఏడాదిలో 6 కిలోలు పెరిగాను, గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. అమ్మకు థైరాయిడ్ ఉంది. నాతో అమ్మ వస్తుంది. శారీరక సంబంధాల గురించి అడగాల్సి ఉంటే దయచేసి నన్ను విడిగా అడగండి.”

డాక్టర్ ముందు చూసేది తేదీలు. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు దాకా లెక్క వేస్తారు. 24 నుంచి 38 రోజుల మధ్య వస్తే మామూలే. ఈమెకు జనవరి నుంచి ఫిబ్రవరికి 47 రోజులు, అక్కడి నుంచి ఏప్రిల్‌కు 56 రోజులు. మార్చి చుక్కలను ఈ లెక్కలో కలపరు. మే 30న వచ్చినదీ అసలు నెలసరి కాదు. వాయిదా మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ రావడం ఆ మందు తీరే. మాత్రల సంగతి రాయకపోయి ఉంటే, 41 రోజులకే వచ్చింది కదా, దారిలో పడుతోందని పొరబడే వీలుండేది.

రోజుల తప్పిన లెక్క, మాయమైన సలుపు, పెరిగిన బరువు, గడ్డం వెంట్రుకలు కలిపి చూస్తే అండం విడుదల కావడం లేదేమోనన్న అనుమానం బలపడుతుంది. అండం విడుదలయ్యాకే ప్రొజెస్టరాన్ తగినంత తయారవుతుంది. గర్భాశయం లోపలి పొరను నిలకడగా ఉంచేదీ, అది తగ్గినప్పుడు పొర ఒక్కసారిగా రాలేలా చేసేదీ ఆ హార్మోనే. అది లేకపోతే ఈస్ట్రోజెన్ ప్రభావంతో పొర మందమవుతూ పోయి, ఎప్పుడో ఒకప్పుడు కొంచెం కొంచెంగా ఊడుతుంది. అందుకే నెలన్నర రాకపోవడం, వస్తే పన్నెండు రోజులు ఆగకపోవడం. దీని వెనక పీసీఓఎస్ ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, ప్రొలాక్టిన్ పెరిగి ఉండొచ్చు.

అదే నెలసరి వేళకు వస్తూ మధ్యలో చుక్కలు పడుతున్నాయని రాసి ఉంటే, డాక్టర్ గర్భాశయంలో పాలిప్ గురించో, గర్భాశయ ముఖద్వారంలో ఇన్ఫెక్షన్ గురించో ముందు ఆలోచించేవారు. వేళకే వచ్చి విపరీతంగా పోతుంటే ఫైబ్రాయిడ్లు, రక్తం గడ్డకట్టడంలో లోపం గుర్తొస్తాయి.

ఉత్తరం రోగాన్ని తేల్చదు, ఏ పరీక్ష ముందో చెబుతుంది. ఎవరికైనా మొదట గర్భం లేదని నిర్ధారించుకుంటారు. విడిగా అడగమన్న ఆ చివరి వాక్యం విలువ అక్కడ తెలుస్తుంది. అమ్మ పక్కనుంటే నిజమైన జవాబు రాకపోవచ్చు. ఆయాసం ఉంది కాబట్టి హిమోగ్లోబిన్‌తో పాటు, ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ కూడా చూస్తారు. ఆపైన టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, అల్ట్రాసౌండ్. పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్‌కు నీళ్లు తాగి మూత్రం ఆపుకుని వెళ్లాలి. ఆ రోజు బ్లీడింగ్ ఉందని అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోనక్కర్లేదు, అప్పుడూ చూస్తారు. ఈలోపు మెడికల్ షాపు హార్మోన్ మాత్రలు మాత్రం వేసుకోకూడదు, లెక్క మళ్లీ చెదిరిపోతుంది.

గంటకో ప్యాడ్ తడిసిపోవడం రెండు గంటలు వరుసగా సాగినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా, గర్భం ఉండే అవకాశం ఉండి కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా ఉత్తరం రాస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్స మొదలయ్యాకా ఇదే పద్ధతిలో తేదీలు రాసుకోవాలి. మందు వాడే నెలల్లో వచ్చే బ్లీడింగ్ మందు వల్ల వచ్చేది కావచ్చు కాబట్టి, ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో పక్కనే ఉండాలి. మందు పనిచేస్తోందా, మార్చాలా అన్నది తర్వాతి విజిట్‌లో డాక్టర్ ఆ కాగితం చూసే తేలుస్తారు.