పెన్ను ప్రయోగం: ప్రభావం కనిపించనప్పుడు నివేదిక రాసే తీరు

పాత ప్రయోగాన్ని అదే పద్ధతిలో మళ్లీ చేసి చూడటాన్ని పునఃప్రయోగం అంటారు. మొదటిసారి కనిపించిన ప్రభావం రెండోసారి కనిపించకపోతే ‘వాళ్లకు వచ్చింది, మాకు రాలేదు’ అని రాసి ఊరుకోవడం సరిపోదు. అప్పుడు ఎంత వచ్చింది, ఇప్పుడు ఎంత వచ్చింది, ఆ రెండు అంకెలూ ఎంత కచ్చితమైనవి అన్నది నివేదిక చెప్పాలి. మనస్తత్వశాస్త్రంలో పేరుపడ్డ పెన్ను ప్రయోగాన్ని గమనిస్తే ఈ పని ఎలా చేయాలో తెలుస్తుంది.

ఫ్రిట్జ్ స్ట్రాక్, మరో ఇద్దరు పరిశోధకులు 1988లో దాన్ని ప్రచురించారు. పెన్నును పళ్ల మధ్య పట్టుకుంటే నవ్వుకు సంబంధించిన కండరాలు కదులుతాయి. పెదవులతో పట్టుకుంటే నవ్వడం కుదరదు. ఆ స్థితిలో కార్టూన్లు చూపించి, ఎంత నవ్వు తెప్పించాయో 0 నుంచి 9 వరకు మార్కులు వేయమన్నారు. పళ్లతో పట్టుకున్నవారి సగటు 5.14, పెదవులతో పట్టుకున్నవారిది 4.32. తేడా 0.82. ముఖకవళికలు మనసును మార్చగలవనడానికి పాఠ్యపుస్తకాలు దీన్నే సాక్ష్యంగా చూపాయి.

2016లో ఎరిక్-యాన్ వాగన్‌మేకర్స్ తదితరులు 17 ప్రయోగశాలల్లో 1,894 మంది ఫలితాలను కలిపి చూశారు. తేడా 0.03కి పడిపోయింది. దాని 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఉండగల మేర, -0.11 నుంచి 0.16 వరకు ఉంది.

పోలికలో మొదట చూడాల్సింది కొలమానం. రెండుచోట్లా అదే పది అంకెల స్కేలు వాడారు కాబట్టి మార్కుల తేడాను నేరుగా పక్కపక్కన పెట్టవచ్చు. చాలామంది ఆ తేడాను ప్రామాణిక విచలనంతో భాగించి పోలుస్తారు. అయితే ఒక బృందంలో మార్కులు ఎక్కువగా చెదిరి ఉంటే, ప్రభావం అంతే ఉన్నా భాగించగా వచ్చే అంకె చిన్నదవుతుంది. స్కేలు ఒకటే అయినప్పుడు అసలు మార్కులను వదులుకోవడానికి కారణం లేదు.

తర్వాత పాత అంకెకూ విశ్వాస అంతరం కట్టాలి. చాలా నివేదికలు తడబడేది ఇక్కడే. కొత్త ఫలితానికి మాత్రం అంతరం చూపి, పాతదాన్ని చెక్కుచెదరని అంకెలా నిలబెడతారు. 1988 ప్రయోగంలో మూడు షరతులకూ కలిపి పాల్గొన్నది 92 మందే. అందుకే 0.82 చుట్టూ ఉన్న అంతరం సుమారు -0.05 నుంచి 1.69 వరకు సాగుతుంది. కొత్త అంతరంలో చాలా భాగం ఇందులోనే ఇమిడిపోతుంది. రెండు అంచనాల మధ్య తేడా 0.79, దానికి అంతరం కడితే సుమారు -0.09 నుంచి 1.67 వరకు వస్తుంది. అందులో సున్నా కూడా ఉంది. కాబట్టి ‘పాత ఫలితం తప్పని తేలింది’ అని రాయడానికి వీల్లేదు. రెండూ పొసగుతున్నాయి, కానీ అందుకు కారణం పాత అంచనా మరీ వదులుగా ఉండటమే.

అలాగని కొత్త ఫలితం ఏమీ చెప్పలేదనుకోవడమూ పొరపాటే. దాన్ని అర్థం చేసుకోవడానికి యూరి సైమన్‌సన్ 2015లో ఒక ప్రశ్న సూచించాడు: పాత ప్రయోగం తన పరిమాణంతో మూడింట ఒక వంతు అవకాశంతోనైనా పట్టుకోగలిగిన ప్రభావం ఎంత? 1988 ప్రయోగపు ప్రామాణిక దోషం సుమారు 0.44. దాన్ని 1.52తో గుణిస్తే 0.67 వస్తుంది. పునఃప్రయోగపు పై హద్దు 0.16 దీనికి చాలా దిగువన ఉంది. అంటే నిజంగా ఏదైనా ప్రభావం ఉన్నా, అంత చిన్నదాన్ని పట్టుకునే శక్తి పాత ప్రయోగానికి లేదు. నివేదికలో పెట్టాల్సిన ప్రధాన వాక్యం ఇదే. ‘ప్రభావం లేదు’ అనడం కంటే ‘ఈ పద్ధతిలో 0.16ను మించిన ప్రభావం ఉండే అవకాశం తక్కువ’ అనడం నిజానికి దగ్గర.

చిన్న ప్రయోగాల్లో కాకతాళీయంగా పెద్దగా వచ్చిన తేడాలే ఎక్కువగా అచ్చుకెక్కుతాయి. అందుకే పాత అంచనా కొంత ఉబ్బి ఉండవచ్చని చెప్పడం న్యాయమే. దానికి పరిశోధకుల నిజాయితీని శంకించనక్కర్లేదు.

పద్ధతిలో వచ్చిన మార్పులను ఫలితాలకంటే ముందే, దాచకుండా రాయాలి. ఇక్కడ పెన్ను సరిగ్గా పట్టుకున్నారో లేదో చూడటానికి కెమెరాలు పెట్టారు. 1988లో అవి లేవు. ఎవరో చూస్తున్నారన్న స్పృహ ప్రభావాన్ని చెరిపి ఉండవచ్చని స్ట్రాక్ అభ్యంతరం చెప్పాడు. 2018లో మరో బృందం కెమెరా ఉన్నప్పుడు ప్రభావం కనిపించలేదని, లేనప్పుడు కనిపించిందని ప్రకటించింది. ఇలాంటి వివరణను నివేదిక చర్చలో ప్రస్తావించాలి, కానీ తీర్పుగా రాయకూడదు. కొత్త షరతు ఫలితం వచ్చాక గుర్తొచ్చినదైతే దాన్ని విడిగా, ముందే నమోదు చేసిన ప్రణాళికతో పరీక్షించాలి. 2022లో 19 దేశాల్లో జరిగిన ఉమ్మడి అధ్యయనం ఈ దారినే నడిచింది: కావాలని నవ్వు ముఖం పెట్టినప్పుడు సంతోషం కొంత పెరిగింది, పెన్ను పద్ధతి విషయంలో మాత్రం సాక్ష్యం ఎటూ తేలలేదు.