108 రూపాయల లాభం 30కి ఎలా దిగింది?

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లను ఒక్కో ఆర్డర్ మీద ఎంత మిగులుతుందని అడిగితే, చాలామంది అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేసి చెప్పేస్తారు. కాస్త లెక్క తెలిసినవాళ్లు కమిషన్, షిప్పింగ్ కూడా తీసేస్తారు. వెనక్కి వచ్చిన సరుకు ఖర్చును మాత్రం ఎవరూ అందులో కలపరు. ‘ఈ నెల రిటర్న్‌లు ఎక్కువొచ్చాయి’ అని నిట్టూర్చి పక్కన పెట్టేస్తారు. వచ్చిన చిక్కంతా అక్కడే.

గుంటూరులో ఇంటి నుంచే కాటన్ కుర్తీలు అమ్మే ఒకామె ఉందనుకుందాం. జైపూర్ నుంచి హోల్‌సేల్‌లో తెప్పించి 630 రూపాయలకు లిస్ట్ చేసింది. ఇక్కడి అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. ఫీజులు సైటును బట్టి, వస్తువును బట్టి మారుతుంటాయి కాబట్టి ఎవరి రేట్ కార్డు వాళ్లు చూసుకోవాలి.

630లో 5 శాతం జీఎస్టీ, అంటే 30 రూపాయలు, ఆమెది కాదు. మిగిలింది 600. కుర్తీ కొన్న ధర పన్ను కాకుండా 330. లోపలి కవరు, కొరియర్ కవరు, లేబుల్, టేపు కలిపి 12. సైటు తీసుకునే కమిషన్ 63, ఫిక్స్‌డ్ ఫీజు 25, అర కిలో లోపు షిప్పింగ్ 62, మొత్తం 150. ఈ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 27 రూపాయలు పడుతుంది. ఆమె మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉంది కాబట్టి దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాబట్టుకోగలదు. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు ఆ 27 కూడా ఖర్చు కిందకే వస్తుంది. ఇక సైటు కోసుకునే టీసీఎస్ అర శాతం, టీడీఎస్ 0.1 శాతం ఖర్చు కాదు. రిటర్నులు వేసినప్పుడు లెక్కలోకి వస్తాయి. అప్పటిదాకా డబ్బు ఇరుక్కుపోతుందంతే.

అన్నీ పోగా మిగిలింది 108 రూపాయలు. చాలామంది లెక్క ఇక్కడితో ముగుస్తుంది.

ఇప్పుడు ఒక్క ఆర్డర్ వదిలేసి 100 ఆర్డర్లు చూద్దాం. వాటిలో 10 పార్సిళ్లు కస్టమర్ చేతికే అందలేదు. తలుపు తాళం, ఫోన్ ఎత్తకపోవడం, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి తీరా వచ్చాక వద్దనడం వంటివి. సెల్లర్లు వీటిని ఆర్‌టీఓ అంటారు. మరో 18 మంది తీసుకుని, వేసుకుని చూసి, తిప్పి పంపారు. నికరంగా నిలిచినవి 72.

ఈ రెండు రకాల రిటర్న్‌లనూ ఒకే గాటన కట్టకూడదు. ఆర్‌టీఓకు షిప్పింగ్ ఛార్జీ వేయని సైటైతే పోయేది ప్యాకింగ్ ఖర్చు 12 రూపాయలే, పైగా కుర్తీ మడత కూడా నలగకుండా వస్తుంది. కస్టమర్ రిటర్న్ అలా కాదు. కమిషన్, ఫిక్స్‌డ్ ఫీజు వెనక్కి ఇచ్చినా, వెళ్లడానికి 62, తిరిగి రావడానికి 76 సెల్లర్ నెత్తినే పడతాయనుకుందాం. ప్యాకింగ్ 12 కలిపితే 150. అంటే తిరిగొచ్చిన ఒక్క కుర్తీ, నిలిచిన ఆర్డర్ ఒకటిన్నర మీది లాభాన్ని దాదాపుగా తినేస్తుంది.

72 ఆర్డర్ల మీద 108 చొప్పున వచ్చింది 7,776. కస్టమర్ రిటర్న్‌లకు పోయింది 2,700. ఆర్‌టీఓకు 120. తిరిగొచ్చిన 28లో 4 కుర్తీలకు సెంటు వాసనో లిప్‌స్టిక్ మరకో అంటింది. వాటిని కొత్తవిగా అమ్మలేక లోకల్‌గా 130కి వదిలించుకుంటే, ఒక్కోదాని మీద 200 చొప్పున 800 నష్టం. లిస్టింగ్ పైన కనబడాలని ప్రకటనలకు పెట్టింది 2,000. చివరికి చేతికొచ్చింది 2,156 రూపాయలు. నిలిచిన ఒక్కో ఆర్డర్‌కు 30 రూపాయలు కూడా నిండుగా లేదు. అందులో ఆమె కూలి లేదు, కరెంటు లేదు, ఫొటోలు తీసిన ఖర్చూ లేదు.

బ్యాంకు ఖాతా చూసుకుంటే మాత్రం ఇది తెలియదు. రిటర్న్ కోత తర్వాతి సెటిల్‌మెంట్‌లో పడుతుంది. బాగా అమ్ముడైన నెల లాభం ఉబ్బి కనిపించి, అమ్మకాలు తగ్గిన నెలలో పాత కోతలన్నీ వచ్చి పడతాయి. అందుకే లెక్కను డబ్బు పడిన తేదీతో కాకుండా ఆర్డర్ తేదీతో వేయాలి. సెటిల్‌మెంట్ రిపోర్టు దించుకుని, ఒక నెల ఆర్డర్లను రిటర్న్ గడువు ముగిశాక ఆర్డర్ ఐడీతో జత చేసి చూస్తే అసలు రంగు బయటపడుతుంది. అదీ డిజైన్ వారీగా, సైజు వారీగా. మొత్తం మీద లాభం కనిపిస్తున్నా, ఒక డిజైన్ సంపాదించింది ఇంకోటి తగలేస్తుండొచ్చు.

మన కుర్తీల ఆమె అలా విడదీస్తే, రిటర్న్‌లలో ఎక్కువ ‘సైజు సరిపోలేదు’ అన్నవే అని తేలిందనుకుందాం. ఎం, ఎల్ అని మాత్రమే పెట్టిన చోట, కుర్తీని టేపుతో కొలిచి ఛాతీ, నడుము, పొడవు అంగుళాల్లో రాసింది. ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో కూడా చేర్చింది. రిటర్న్‌లు 18 నుంచి 10కి తగ్గి, అందులో పాడైనవి కూడా 3కు దిగితే, 100 ఆర్డర్ల మీద మిగులు 2,156 నుంచి 4,420కి చేరుతుంది. ధర పెంచలేదు, కొన్న రేటు తగ్గలేదు, అయినా రెట్టింపు దాటింది.

ప్యాకింగ్‌లో ఇంకో గండం ఉంది. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి, వచ్చినదాన్ని కిలోలుగా తీసుకునే పద్ధతి సాధారణం. ఆ బరువు, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. 350 గ్రాముల కుర్తీని అందంగా ఉంటుందని 30×25×4 అట్టపెట్టెలో పెడితే లెక్కలో 600 గ్రాములవుతుంది. అర కిలో శ్లాబు దాటినట్టే. అదే కుర్తీని గట్టిగా మడిచి 28×22×3 కవరులో పెడితే 370 గ్రాములే. పై శ్లాబుకు 35 రూపాయలు ఎక్కువనుకుంటే, నిలిచిన 72 మీదే 2,520 పోతుంది. నెల మిగులు మొత్తం ఆ పెట్టెలోనే పోయిందన్నమాట. తూకం యంత్రం మీద పార్సిల్ ఫొటో తీసి పెట్టుకుంటే, తప్పుగా ఎక్కువ బరువు వేసినప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది.

కమిషన్ లేని సైట్లు కూడా ఉన్నాయి. మీషో 2021లోనే ఎత్తేసింది. అక్కడ ఆ 63 మిగిలే మాట నిజమే కానీ, పక్క సెల్లర్ కూడా అదే లెక్కతో ధర తగ్గిస్తాడు. రిటర్న్ ఖర్చు మాత్రం ఎక్కడికీ పోదు.

ఇక పండగ సేల్. 10 శాతం తగ్గించమని సైటు అడుగుతుంది, ఆర్డర్లు ముంచెత్తుతాయని ఆశ పెడుతుంది. ధర 567 అయితే ఒక్కో ఆర్డర్ మీద 108 కాస్తా 54 అవుతుంది. 18 రిటర్న్‌ల లెక్కతో ప్రతి 100 ఆర్డర్లకూ 1,700 రూపాయల దాకా చేతి చమురు వదులుతుంది. ఎన్ని ఎక్కువ అమ్మితే అంత పోతుంది. రిటర్న్‌లు 10కి దిగినా మిగిలేది 120 రూపాయలే. ఈ కుర్తీని సేల్‌లో పెట్టకపోవడమే మంచిది.