రంగు చెప్పలే

ఒక కథల పోటీకి వచ్చిన కట్టల్ని తిరగేస్తుంటే ప్రతిసారీ ఒక కథ ఎదురవుతుంది. తప్పు నెంబరుకి ఓ మెసేజ్ వెళ్తుంది. అవతలి మనిషి జవాబిస్తాడు. నాలుగు రోజుల్లో ఇద్దరూ వెన్నెల గురించి, వాన గురించి మాట్లాడుకుంటుంటారు, అయిదో రోజున ప్రేమ. నేను మూడో పేజీలోనే ఆపేస్తాను. అలాంటివి జరగవని కాదు, కథలో జరగలేదని. ముక్కూ మొహం తెలియని ఇద్దరు సరసానికి ఎలా వచ్చారన్నదే ఈ కథకి సరుకు. దాన్నే దాటేసి రాస్తే ఇక మిగిలేదేముంది?

ఈ కథకి మూడు చోట్ల పని ఉంది. మెసేజ్ ఎందుకు తప్పిపోయింది, తప్పు తెలిశాక కూడా మాట ఎందుకు ఆగలేదు, మర్యాద సరసంగా ఏ వాక్యం దగ్గర మారింది. ఊరికే చెబితే అందదు కాబట్టి ఒక కథని మనమే కట్టి చూద్దాం.

తెనాలిలో ఓ ఆమె జాకెట్టు కుట్టడానికిచ్చింది. టైలరు బిల్లు మీద నెంబరు రాసి, గుడ్డముక్క పిన్ను కొట్టి ఇచ్చాడు. అతను రాసే ఒకటికి తల మీద చిన్న కొక్కెం ఉంటుంది, చూస్తే ఏడులా ఉంటుంది. ఆమె ఏడే అనుకుని 'టైలర్' అని సేవ్ చేసుకుంది. ఆ రాత్రి పంపింది: "చేతులు మోచేతి దాకా ఉంచండి. వెనక తాళ్ళు వద్దు, హుక్సే పెట్టండి."

ఆ మెసేజ్ జనగామ దగ్గర ఓ సబ్‌స్టేషన్‌లో నైట్ షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌కి చేరింది. "చేతులు సరే మేడం, నేను టైలర్‌ని కాను. రాంగ్ నెంబర్." ఆమె "సారీ అండి" అంది. అయిపోయింది.

అయిపోవాలి కూడా. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా అక్కడ ఆపేస్తారు. అందుకే తప్పు రెండోసారి జరగాలి, మొదటి దానికి ఉన్న కారణం వల్లే జరగాలి. ఆస్ట్రియా రచయిత డేనియల్ గ్లటావర్ 2006లో జర్మన్‌లో రాసిన ఒక నవల మొత్తం ఈమెయిళ్ళే. దాని పేరుకి 'ఉత్తర గాలికి విరుగుడు' అని అర్థం చెప్పుకోవచ్చు. ఎమ్మి అనే ఆవిడ ఓ పత్రికకి చందా రద్దు చేయమని రాస్తుంది. ఆమెకి గబగబా టైపు చేస్తే ఒక అక్షరం అదనంగా దొర్లే అలవాటు. ఉత్తరం లియో అనే అతనికి పోతుంది. అతను తప్పని చెప్పడం, ఆమె క్షమించమనడం, అంతా మర్యాదగా ముగుస్తుంది. నెలలు గడిచాక ఆమె అందరికీ ఒకేసారి పంపిన పండగ శుభాకాంక్షలు అతనికీ పోతాయి. అతని చిరునామా ఆమె దగ్గర ఉండిపోయింది మరి. నవల నిజంగా మొదలయ్యేది ఆ రెండో పొరపాటు దగ్గరే. మధ్యలో రచయిత గొంతు ఎక్కడా వినబడదు. ఉత్తరానికీ ఉత్తరానికీ నడుమ ఎంతసేపు గడిచిందో ఒక ముక్క ఉంటుందంతే. నిమిషం తర్వాత, రెండు రోజుల తర్వాత, అలా. ఎవరు ఎవరికోసం ఎంత కాచుకున్నారో ఆ ముక్కే చెప్పేస్తుంది.

మన తెనాలి ఆమెకి ఆ కిటుకు అచ్చంగా పనికిరాదు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు ద్వారా పంపితే, మన నెంబరు సేవ్ చేసుకున్న వాళ్ళకే చేరుతుంది. కాబట్టి ఆమె చేత సొంత తప్పే చేయించాలి. టైలరు అసలు నెంబరు సంపాదించి 'టైలర్ కొత్తది' అని పెట్టుకుంది. పాతది తీసెయ్యలేదు. మనలో ఎంతమందిమి తీసేస్తాం? మర్నాడు పెళ్ళికి వెళ్ళాలి, హడావిడిలో పైన కనిపించిన 'టైలర్' మీద వేలు పడింది. "రేపు పొద్దున్నే బయల్దేరాలి. జాకెట్టు అయిందా?"

"కాలేదు మేడం. దారం గూడ కొనలే."

ఇదీ తలుపు తెరుచుకున్న చోటు. అతను 'రాంగ్ నెంబర్' అని మళ్ళీ అనలేదు. ఆమె నవ్వుకుంది, నవ్వాక జవాబివ్వక తప్పదు. చేతులూ తాళ్ళూ అన్న మాటలు వాళ్ళ మధ్య ముందే దొర్లి ఉన్నాయి. పరాయి మగాడితో ఎవరూ అనని మాటలు, ఏ దురుద్దేశమూ లేకుండా. మొదటి మెసేజ్‌లో అలాంటి వస్తువు ఒకటి పడాలి. 'ఉల్లిపాయలు రెండు కిలోలు' అని పంపినా కథ నడవొచ్చు గాని, రచయిత చాలా కష్టపడాలి.

ఇక్కడో పెద్ద చిక్కు ఉంది. ఈ రోజుల్లో తెలియని నెంబరు నుంచి పొరపాటున వచ్చినట్టుండే పలకరింపు చూస్తే పాఠకుడికి ముందు గుర్తొచ్చేది మోసం. పొరపాటున వచ్చినట్టు మెసేజ్ పెట్టడం, క్షమించమని స్నేహం కలపడం, వారాల తరబడి కబుర్లాడి చివరికి ఏదో పెట్టుబడిలో డబ్బు పెట్టించడం ఒక పెద్ద దందా. పందిని మేపి కోయడం అని చైనీస్‌లో దానికి పేరే ఉంది. ఆ అనుమానం కథలోని ఆమెకి రాకపోతే పాఠకుడు ఆమెని అమాయకురాలి కింద జమకడతాడు. ఆమెకీ రానివ్వాలి. దందాలో అవతలివాడు మెరుగులు దిద్దిన ఫొటోలు పంపుతాడు, తొందరలోనే ఇంకో యాప్‌లోకి రమ్మంటాడు. మనవాడి దగ్గర మెరుగులేమీ లేకపోవడమే అతనికి రక్ష.

"నిజంగా సబ్‌స్టేషనేనా?" అని ఆమె అడిగింది. రాత్రి రెండైంది. సబ్‌స్టేషన్‌లో గంట గంటకీ వోల్టేజీ, ఆంప్స్ చూసి లాగ్‌షీటులో రాయాలి. అతను మొహం ఫొటో పంపలేదు, అప్పుడే రాసిన లాగ్‌షీటు పంపాడు. నీలం గళ్ళు, నిటారు అంకెలు, రెండో గంట వరసలో తడారని సిరా. ఓ మూల కాగితాన్ని అదిమిపట్టిన బొటనవేలు, గోరు పక్కన పాత గాటు. ఆమె ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి అంకెలు చూసింది. తర్వాత వేలు చూసింది. ఆ క్రమం ముఖ్యం. నేనైతే ఈ కథలో మరో ఫొటో పెట్టను.

లాగ్‌షీటు కథకి ఇంకో మేలు చేసింది. ప్రతి గంట మొదట్లో అతను మాయమవుతాడు, పది నిమిషాలకి తిరిగొస్తాడు. మూడో రాత్రికల్లా ఆమెకి అది తెలిసిపోతుంది. పన్నెండుకి అడగాల్సింది పదకొండూ యాభైకే అడిగేస్తుంది. రోజువారీ అలవాటుని "అలా రోజులు గడిచాయి" అని తేల్చేస్తే ఎవరికీ అందదు. ఇలాంటి వేళ ఒకటి కుదిరిస్తే, ఓ రాత్రి ఆ పది నిమిషాలు నలభై అయినప్పుడు ఏమీ చెప్పకుండానే పాఠకుడికీ గుబులు పుడుతుంది.

ఇక సరసం. సరసమంటే పొగడ్త కాదు. రెండర్థాలున్న మాట. అవతలివాళ్ళు మొహం చిట్లిస్తే మొదటి అర్థంలోకి తప్పుకోవచ్చు, నవ్వితే రెండో దాంట్లో నిలబడొచ్చు. "మీరు చాలా అందంగా ఉంటారనిపిస్తోంది" అన్నవాడికి తప్పుకునే దారి లేదు. పోటీ కథల్లో మగవాళ్ళందరూ ఈ వాక్యమే అంటారు. మనవాడు పన్నెండో రోజున అన్నది వేరు.

"జాకెట్టు వచ్చిందన్నరు. రంగు చెప్పలే."

నీలం టిక్కులు పడ్డాయి. ఆరు గంటలు జవాబు లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె: "సబ్‌స్టేషన్‌లో రంగులతో పనేమిటండీ?"

"ఇక్కడ ఎరుపు, పసుపు, నీలం మూడే ఉంటయ్. అందుకే అడిగిన."

"ఆ మూడూ కాదులెండి."

మూడు ఫేజుల తీగలకి మన దగ్గర వాడే రంగులవి. అతను తన పనిలో మాటతోనే వెనక్కి తగ్గాడు. ఆమె రంగు చెప్పలేదు, చెప్పనని కూడా అనలేదు. ఆ రోజు ఇంకేమీ జరగక్కర్లేదు. కథలో మనుషులు వాళ్ళ వృత్తి భాషలో సరసమాడితే దొంగ కవిత్వం దరిచేరదు. పరీక్ష కావాలంటే, మాటలు అన్నవాళ్ళ పేర్లు వేలితో మూసి చదవండి. ఏది ఎవరిదో తెలియలేదంటే ఇద్దరి నోట్లోంచీ రచయితే మాట్లాడుతున్నాడు. ఇక్కడ యాసే పట్టిస్తుంది. "తిన్నరా" అని అతనడిగితే "దీర్ఘం ఎక్కడ పారేశారు?" అని ఆమె. "దీర్ఘానికి కరెంటు మస్తు కాలుతది మేడం."

మాట లేకుండానూ సరసం ఉంటుంది. వాట్సాప్ స్టేటస్ మామూలుగా కనబడాలంటే ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి నెంబరు ఇంకొకరికి సేవై ఉండాలి. ఓ సాయంత్రం ఆమె ముగ్గు ఫొటో పెట్టి, ఎవరెవరు చూశారో చూసుకుంది. పిన్నిగారూ, ఆఫీసు వాళ్ళిద్దరూ, టైలర్. అంటే అతను నెంబరు దాచుకున్నాడు. ఏ పేరుతో?

తెలుగులో ఈ కథ రాసేవాళ్ళకి ఒక అదృష్టం ఉంది. మీరు, నువ్వు అని రెండు మెట్లున్నాయి. చాలామంది ఒక్క గెంతులో దూకించేస్తారు: "ఇకనుంచి నన్ను నువ్వు అని పిలవొచ్చుగా?" బయట ఎవరూ అలా అడగరు. రెంటికీ నడుమ ఇంకో మెట్టుంది, కొత్తగా పెళ్ళైన వాళ్ళకి బాగా తెలుసు. మీరూ అనకుండా నువ్వూ అనకుండా మాట్లాడడం. "భోజనం అయిందా?" "డ్యూటీ ఎన్నింటి దాకా?" "నిద్ర రావట్లేదా?" ఈ ప్రశ్నల్లో మర్యాద చూపించే క్రియే లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో తేలని రోజుల్లో మన భాష ఇలా తప్పించుకు తిరుగుతుంది. అందుకే మనవాడు ముందు 'మేడం' మానేస్తాడు. రెండు వారాలు ఈ తప్పించుకునే ప్రశ్నలు అడుగుతాడు. ఆమె కూడా 'అండీ' తగ్గిస్తూ వస్తుంది. కథంతా పదిహేను వందల మాటలైతే సగం ఈ రెండు వారాలకే ఇచ్చేయొచ్చు. అంతా చూపించక్కర్లేదు, నాలుగు రాత్రులు చాలు.

ముగింపులో చాలామంది వాళ్ళని రైల్వే స్టేషన్లో కలిపేస్తారు. లేదా అతను దూరపు చుట్టమని తేలుస్తారు. రెండూ అక్కర్లేదు. నువ్వు అన్న మాట ఎప్పుడొచ్చిందో పాఠకుడికి చూపించకుండా దాచిపెట్టి, మూడో మనిషి నోట వినిపిస్తే చాలు. ఆమె ఆ నెంబరుకి పేరు మార్చనేలేదు కదా.

ఆదివారం. ఆమె డాబా మీద బట్టలారేస్తోంది. కింద బల్ల మీద ఫోను మోగింది. అక్క తీసి చూసి, మెట్ల దగ్గరికొచ్చి కేకేసింది.

"ఏమే, నీ టైలరు తిన్నవా అని అడుగుతున్నాడేంటి?"