అనాస కలిసినా పాలు విరగకుండా

జ్యూస్ షాపు బోర్డు మీద మిల్క్‌షేకుల వరుసలో సపోటా, మామిడి, అరటి తప్పకుండా ఉంటాయి. అనాస మాత్రం చాలాచోట్ల జ్యూసుల వరుసలోనే ఆగిపోతుంది. పులుపు తగిలితే పాలు విరుగుతాయన్న భయం అందుకు కారణం. ఆ భయం అబద్ధం కాదు గానీ, అనాస విషయంలో పులుపు ఒక్కటే దోషి కాదు.

పాలల్లో కేసీన్ అనే మాంసకృత్తు కంటికి కనిపించనంత చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి కాబట్టి ఆ ఉండలు విడివిడిగా ఉంటాయి, పాలు పాలలాగే కనిపిస్తాయి. పులుపు పెరిగేకొద్దీ ఈ నెట్టుడు తగ్గిపోతుంది. తాజా పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. అది 4.6 దాకా దిగితే ఉండలన్నీ ఒకదానికొకటి అంటుకుని తేట వేరైపోతుంది. వేడి పాలల్లో నిమ్మరసం పిండి పన్నీరు చేసేటప్పుడు జరిగేది ఇదే. అదే పాలు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంలో ఉంటే ఉండలు అంత తొందరగా అంటుకోవు. మిల్క్‌షేక్‌కు పాలు చల్లగా ఉండాలనడం రుచి కోసమే కాదన్నమాట.

సీతంపేట ఏజెన్సీ కొండల్లో పండేదైనా, కేరళ నుంచి వచ్చేదైనా, పచ్చి అనాసలో పులుపుతో పాటు బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మాంసకృత్తులను ముక్కలు చేయడం దాని పని. పండు ఎక్కువ తింటే నాలుక మండడంలోనూ దీనికి పాత్ర ఉంది. పాలల్లో పడగానే అది కేసీన్ ఉండల పైపొరను కత్తిరించడం మొదలుపెడుతుంది. పొర పోయిన ఉండలు, పులుపు అంతగా లేకపోయినా గడ్డకడతాయి. చల్లదనం ఈ పనిని నెమ్మదింపజేస్తుంది గానీ ఆపదు. అందుకే కలిపిన వెంటనే బాగున్న షేక్ కాసేపటికి చేదెక్కుతుంది. ఆ చేదు పండుది కాదు, తెగిన కేసీన్ ముక్కలది. ఇంకో గుప్పెడు చక్కెర వేసినా అది పోదు, డబ్బు దండగ.

దీనికి మందు వేడి. పాలకు కాదు, పండుకు.

రెండు పెద్ద గ్లాసులకు వంద గ్రాముల అనాస చాలు. మధ్యలోని గట్టి దంటు తీసేసి చిన్న ముక్కలుగా తరగాలి. పెద్ద ముక్కలైతే లోపలిదాకా వేడి చేరదు. రెండు చెంచాల చక్కెర వేసి, మూత పెట్టి, ఊరిన రసంలోనే ఐదారు నిమిషాలు బుడగలు వచ్చేలా ఉడికిస్తే ఎంజైమ్ పని అయిపోతుంది. పులుపు మాత్రం మిగిలే ఉంటుంది. చల్లార్చి, ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాక ముందు పండును ఒక్కదాన్నే మెత్తగా తిప్పి, పీచు ఉంటే వడకట్టాలి.

ఇక కాచి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టిన నాలుగు వందల మిల్లీలీటర్ల చిక్కటి పాలు మిక్సీలో పోసి, అది తిరుగుతుండగా అనాస గుజ్జును కొద్దికొద్దిగా వేయాలి. గుజ్జు మీద పాలు పోస్తే, మొదట పడిన కొద్ది పాలకే పులుపంతా తగిలి అక్కడికక్కడే విరుగుతాయి. ఒక వంతు పండుకు నాలుగు వంతుల పాలుంటే ఆ పులుపును పాలు తట్టుకుంటాయి. సగానికి సగం కలిపితే, పండు బాగా పుల్లనిదైతే, ఉడికించినా ప్రమాదమే. ఒక స్కూపు వెనిలా ఐస్‌క్రీమ్ కలిపితే ఇంకా నయం. దానిలోని పాలపదార్థం కొంత పులుపును మింగుతుంది, చిక్కదనం కోసం కలిపే గమ్ములు గుజ్జును కిందికి దిగకుండా పట్టి ఉంచుతాయి.

ఉడికిస్తే పచ్చి అనాస ఘుమఘుమ కొంత తగ్గుతుంది, కాదనలేం. గ్లాసులో పోశాక పైన రెండు పచ్చి ముక్కలు వేసుకుని వెంటనే తాగేస్తే ఆ లోటు తీరుతుంది. డబ్బాలో వచ్చే అనాస ముక్కలు ముందే వేడి చేసినవి కనుక మళ్లీ ఉడికించనక్కర్లేదు.

షేక్ కాసేపు నిలిచాక పైన నురగ, కింద పలచన కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. చెంచాతో తిప్పగానే కలిసిపోతే అది గుజ్జు, గాలి విడిపోవడమే. తిప్పినా గ్లాసు గోడకు తెల్లటి రవ్వలు అంటుకుని ఉంటే, వాటి మధ్య పచ్చటి తేట జారుతుంటే, పాలు విరిగినట్టే. మళ్లీ మిక్సీలో వేస్తే రవ్వలు సన్నబడతాయి తప్ప మళ్లీ పాలు కావు.

స్ట్రాబెర్రీతో ఈ ఉడికించే పని లేదు. దానిది పులుపు గొడవే కాబట్టి చల్లటి పాలు, తక్కువ పండు సరిపోతాయి. బొప్పాయిది తిరగేసిన కథ. పులుపు దాదాపు ఉండదు, పెపైన్ అనే ఎంజైమ్ మాత్రం ఉంటుంది. కాయలో అది ఎక్కువ, మాగేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి దోరపండుతో షేక్ చేసి ఫ్రిజ్‌లో దాచితే చేదెక్కే అవకాశం ఎక్కువ. బాగా మాగిన పండు తీసుకుని, చేసిన వెంటనే తాగేయడం మేలు.