టోర్నడో చార్ట్: ప్రాజెక్టు లెక్కలో ఏ అంచనా బరువెంత?

ప్రాజెక్టు లెక్కలో ఏ అంచనా తప్పితే ఫలితం ఎంత మారుతుందో పెద్ద నుంచి చిన్నకు వరుసగా చూపే పట్టీల బొమ్మ టోర్నడో చార్ట్. ఇక్కడ ఫలితమంటే నికర ప్రస్తుత విలువ, అంటే ఎన్‌పీవీ. రాబోయే ఏళ్ల మిగులును ఈనాటి విలువకు కుదించి కూడి, అందులోంచి పెట్టుబడిని తీసేస్తే వచ్చేది అదే.

ఒక మెగావాట్ సౌర విద్యుత్ కేంద్రం కట్టాలనుకుంటే లెక్క ఎలా ఉంటుందో చూడవచ్చు. పెట్టుబడి 4.5 కోట్ల రూపాయలు, ఏడాదికి ఉత్పత్తి 16 లక్షల యూనిట్లు, యూనిట్ ధర 4 రూపాయలు, నిర్వహణ ఖర్చు ఏటా 8 లక్షలు అనుకుంటే ఏటా 56 లక్షలు మిగులుతుంది. పన్నులు, ప్యానెళ్ల అరుగుదల పక్కన పెట్టి, 25 ఏళ్ల మిగులును 10 శాతం డిస్కౌంట్ రేటుతో కుదిస్తే ఎన్‌పీవీ సుమారు 58 లక్షలు. చార్ట్ మధ్యలో నిలువు గీత ఇక్కడే పడుతుంది.

తర్వాత ఒక్కో అంచనాకు కనిష్ఠం, గరిష్ఠం నిర్ణయించి, మిగతావాటిని కదపకుండా ఆ ఒక్కదాన్నే మార్చి మళ్లీ లెక్క కడతారు. ధర 3.60 నుంచి 4.40 వరకు మారితే ఎన్‌పీవీ దాదాపు సున్నా నుంచి 116 లక్షల దాకా వెళ్తుంది. డిస్కౌంట్ రేటు 12 శాతమైతే 11 లక్షల నష్టం, 9 శాతమైతే 100 లక్షల లాభం. ఉత్పత్తి 15 నుంచి 17 లక్షల యూనిట్ల మధ్య ఉంటే 22 నుంచి 95 లక్షలు. పెట్టుబడి 4.9 కోట్లకు పెరిగితే 18 లక్షలు, 4.3 కోట్లకు తగ్గితే 78 లక్షలు. నిర్వహణ ఖర్చు 7 నుంచి 10 లక్షల మధ్య మారితే 67 నుంచి 40 లక్షలు. పొడవైన పట్టీని పైన, పొట్టిదాన్ని కింద పేరిస్తే బొమ్మ సుడిగాలిలా పైన వెడల్పుగా, కింద సన్నగా వస్తుంది.

పట్టీ పొడవుతో పాటు అది సున్నాను దాటిందా అన్నదీ చూడాలి. ఇక్కడ డిస్కౌంట్ రేటు రెండో స్థానంలోనే ఉన్నా, ఒంటరిగా ప్రాజెక్టును నష్టంలోకి నెట్టగలిగేది అదొక్కటే.

అన్ని అంచనాలనూ ఒకేలా పది శాతం అటూఇటూ మార్చడం తరచుగా జరిగే పొరపాటు. అలా చేస్తే ధర, ఉత్పత్తి పట్టీలు సరిసమానంగా వస్తాయి, ఎందుకంటే ఆదాయం ఆ రెండింటి గుణకారమే. నిజానికి 25 ఏళ్లకు కొనుగోలు ఒప్పందం కుదిరి ధర స్థిరపడితే ధర పట్టీ ఉండనే ఉండదు; ఎండను బట్టి మారే ఉత్పత్తి పట్టీ మాత్రం ఉంటుంది. అందుకే ప్రతి అంచనాకూ దాని సొంత హద్దులు పెట్టాలి.

ఒక్కోదాన్నే మార్చి చూడటం ఈ చార్ట్‌కున్న పరిమితి. ధర 3.60కి, ఉత్పత్తి 15 లక్షలకు విడివిడిగా తగ్గితే ప్రాజెక్టు నిలబడుతుంది. రెండూ కలిసి తగ్గితే సుమారు 32 లక్షల నష్టం వస్తుంది, ఏ పట్టీలోనూ అది కనిపించదు. కాబట్టి పైనున్న రెండు మూడు అంచనాలను చార్ట్‌తో గుర్తించాక, వాటిని కలిపి మార్చి మరోసారి లెక్క కట్టాలి.